జగన్నాధం మావ ఎడమ చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఆవిడ రోజుకి రెండుసార్లు అనే మాటే ఇది. నా పేరు గిరిబాబు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కూతవేటు దూరంలో ఒక సందులో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి ఆల్బాలు, వీడియోలు, పాస్‌పోర్టు ఫొటోలు, పోయినవాళ్ళ పటాలు చేస్తాం. ఊళ్ళో స్టూడియోలకి కొదవ లేదు గానీ, పోయినవాళ్ళ పటానికి మాత్రం జనం మా దగ్గరికే వస్తారు. ఆ పేరు నాది కాదు, జగన్నాధం మావది. ఆయన గురించి రాయాలని కూర్చున్నాను. ఆయన్ని పొగడ్డానికే రాస్తున్నానంటే నమ్మకండి. నేను చేసిన వెధవపని ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి, అందుకు రాస్తున్నాను.

జగన్నాధం మావది శ్రీముఖలింగం అవతల ఒక పల్లె. వరీ చెరుకూ పండించుకునే ఇల్లు. పదహారో ఏట చెరుకు గానుగ దగ్గర ఎడమ చేతి బొటనవేలు మిషన్లో పడింది. ఆసుపత్రిలో వేలు ఊడిపోకుండా నిలబెట్టారు గానీ కీళ్ళు బిగుసుకుపోయాయి. అప్పట్నుంచి ఆ వేలు వంగదు, పక్కకి రాదు, పైకి నిక్కి ఉంటుంది. వరి కోతలో ఎడమచేత్తో దుబ్బు పట్టుకోవాలి కదా, ఆ పట్టు పోయింది. నాగలి మేడి నిలవదు. ఆయన తండ్రి ఒకనాడు కళ్ళంలో పదిమంది ముందు "ఈడు పొలానికి పనికిరాడు" అనేశాడట. మర్నాడే ఈయన బస్సెక్కి పాతపట్నం వెళ్ళి ఒక ఫొటో స్టూడియోలో చేరిపోయాడు. చీకటిగదిలో ఫిల్మ్ కడగడం, నెగిటివ్ మీద పెన్సిలుతో మచ్చలు పూడ్చడం అక్కడే నేర్చుకున్నాడు. కంప్యూటర్లొచ్చాక ఫొటోషాప్ నేర్చుకున్నాడు. నా దగ్గరికి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది.

ఆ వేలు చూసి సందులో అందరూ ఆయన్ని 'థమ్సప్ మావ' అంటారు. మొదట అన్నది నేనే. ఎవరు ఏమడిగినా ముందు ఆ వేలే "ఓకే" అన్నట్టు కనిపిస్తుంది మరి. ఆయన కూడా నవ్వేవాడు. "నాకందరూ మంచోళ్ళే అల్లుడూ, సూడు, నా సెయ్యే సెప్తాది" అనేవాడు. నాకూ ఆయనకీ చుట్టరికం ఏమీ లేదు. మావా అని పిలిచాను, అల్లుడూ అన్నాడు, అలా ఉండిపోయింది.

ఆయన పని చేస్తుంటే చూడాలి. కుడిచెయ్యి మౌసు మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద. ఎడమచేతి చిటికెనవేలు కింది వరస మూలనున్న కంట్రోల్ మీద వాలి ఉండేది. మిగతా వేళ్ళు జడ్‌కీ ఎస్‌కీ వాటంతటవే పోతుండేవి. చర్మం ఒకచోట తీసుకుని ఇంకోచోట అద్దాల్సి వస్తే చూపుడువేలు మడిచి, స్పేస్ బారు పక్కనున్న ఆల్ట్ నొక్కి ఒక క్లిక్కు. ఒక్కసారి కూడా కిందికి చూసేవాడు కాదు. ఆధార్ కార్డు మీద గోరంత ఫొటో, రేషన్ కార్డు మీద చెదిరిన ఫొటో, గ్రూపు ఫొటోలో మూడో వరస చివర సగం మొహం, ఇలాంటివి తెచ్చి ఇస్తే గోడకి కట్టుకునే పటం చేసి పంపేవాడు. ఇంటివాళ్ళని ముందు అరగంట కూర్చోబెట్టి అడిగేవాడు. పోయినాయన నవ్వితే ఏ పక్క ముడత పడేది, తల నూనె పెట్టి దువ్వేవాడా, బొట్టు పెద్దదా చిన్నదా. అన్నీ విన్నాక గానీ మౌసు ముట్టేవాడు కాదు.

పోయినేడు ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజులు చూసి, నేను మ్యాక్ కొన్నాను. పెళ్ళి వీడియోలకి పాత విండోస్ కంప్యూటర్ తట్టుకోలేకపోతోంది, ప్రతి పావుగంటకీ నిలిచిపోతోంది. షాపువాడు పాతది ఎక్స్ఛేంజిలో పట్టుకుపోయాడు. కీబోర్డు మాత్రం అక్షరాలు అరిగిపోయిందని వదిలేసి వెళ్ళాడు. కొత్త మ్యాక్ టేబుల్ మీద సన్నగా, తెల్లగా నిలబడింది. దానికొచ్చిన కీబోర్డు కూడా అప్పడంలా పల్చగా ఉంది.

దాని మీద మూలన కంట్రోల్ లేదు. అక్కడ భూగోళం బొమ్మ ఉన్న బటను ఉంది. దాని పక్కన కంట్రోల్, తర్వాత ఆప్షన్, ఆ తర్వాత స్పేస్ బారుకి ఆనుకుని కమాండ్. విండోస్‌లో కంట్రోల్ చేసే పనులన్నీ మ్యాక్‌లో కమాండ్ చేస్తుంది. కాపీకి కమాండ్-సి, పేస్టుకి కమాండ్-వి, సేవ్‌కి కమాండ్-ఎస్, చేసింది రద్దు చెయ్యడానికి కమాండ్-జడ్. ఆల్ట్ చేసే పని ఆప్షన్ చేస్తుంది. అసలు కంట్రోల్ కూడా ఉంది గానీ దానికి వేరే పనులు. అది పట్టుకుని క్లిక్ చేస్తే మౌసు కుడి బటను నొక్కినట్టు ఒక పట్టిక తెరుచుకుంటుంది. విశాఖపట్నంలో మిత్రుడొకడు ఇదంతా నాకు గంటలో చెప్పాడు. నేను స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో చార్టు రాసి గోడకి అంటించాను.

మా దగ్గర ఇంకో డిజైనరు శైలజ. పాతికేళ్ళ పిల్ల, ఆమదాలవలస నుంచి వస్తుంది. ఆమెకి పని నేర్పింది జగన్నాధం మావే. బాబాయ్ అని పిలుస్తుంది. నాలుగు రోజుల్లో ఆమె చెయ్యి కొత్త కీబోర్డుకి అలవాటు పడిపోయింది. బొటనవేలు కమాండ్ మీద వేసుకుని టకటకా కొట్టేస్తోంది.

మావకి రాలేదు.

తెలియక రాకపోతే నేను ఓర్చుకునేవాణ్ణేమో. ఆయనకి అన్నీ తెలుసు. నా చార్టు రెండు రోజుల్లో కంఠతా వచ్చేసింది. ఫైలు మీద ఎంటర్ కొడితే తెరుచుకోదు, పేరు మార్చమని అడుగుతుంది, తెరవాలంటే కమాండ్-ఓ అని శైలజకి చెప్పింది ఆయనే. మ్యాక్‌లో ఫైళ్ళు కట్ అవ్వవు, ముందు కమాండ్-సి కొట్టి, పెట్టే చోట కమాండ్, ఆప్షన్ రెండూ పట్టుకుని వి కొడితే అక్కడికి జరుగుతాయని కనిపెట్టింది కూడా ఆయనే. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ కుర్చీలో కూర్చుంటే మాత్రం చిటికెనవేలు వెళ్ళి మూలన పడేది. భూగోళం బటను తగిలి బొమ్మల పెట్టె తెరుచుకునేది. లేకపోతే కంట్రోల్ తగిలి పట్టిక తెరుచుకునేది. ఆల్ట్ అనుకుని స్పేస్ బారు పక్కన నొక్కేవాడు, అది కమాండ్. ఫొటోషాప్‌లో కమాండ్ పట్టుకున్నంతసేపూ చేతిలో ఉన్న పనిముట్టు పోయి జరిపే పనిముట్టు వస్తుంది. చర్మం అద్దబోతే మొహమే పక్కకి జరిగిపోయేది. సరిచెయ్యాలంటే మళ్ళీ కమాండ్-జడ్. దానికి చూపుడువేలు తెచ్చి కమాండ్ మీద పెట్టి, కిందికి చూసి, ఇంకో వేలితో జడ్ వెతికేవాడు. ఒక్కోసారి మౌసు వదిలేసి కుడిచెయ్యి కూడా తెచ్చేవాడు.

గంట పని పూటంతా పట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"మావా, అన్నీ తెలుసు కదా, మరి సెయ్యవేటి?" అని అడిగాను ఒకనాడు.

"వస్తాది అల్లుడూ. సెయ్యి పాతదానికి మరిగిపోనాది, మళ్ళీ మరగాలి" అన్నాడు.

"ఎన్నాళ్ళు మరుగుతాది?"

ఆయన మళ్ళీ కమాండ్ వెతుక్కోవడంలో పడ్డాడు. ఈ ముసలాయనకి కొత్త మిషను ఇష్టం లేదు, కావాలని మొండికేస్తున్నాడని నేను తీర్మానించుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నెల తిరిగేసరికి ఆయన్ని కౌంటర్లో కూర్చోబెట్టాను. ఫొటోలు కవర్లలో పెట్టి ఇవ్వడం, లామినేషన్, ఫోన్లు ఎత్తడం. "సెయ్యి మరిగేదాకా" అన్నాను. అది ఎవరికైనా అర్థమయ్యే మాటే. ఆయన కుర్చీ పోయింది. నలభై ఏళ్ళుగా నేర్చుకున్న పని పోయి, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పని మిగిలింది. మధ్యాహ్నం మేం అన్నాలకి వెళ్ళినప్పుడు ఆయన మ్యాక్ ముందు కూర్చుని చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడని శైలజ చెప్పింది. నేను పట్టించుకోలేదు.

ఇంకో రెండు వారాలకి దానమ్మ వచ్చింది. ఎల్.ఎన్.పేట వైపు పల్లెటూరు. యాభై ఏళ్ళుంటాయి. భర్త సోములు పొలంలోనే గుండె ఆగి పోయాడట, తెల్లారితే పదకొండో రోజు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆధార్ కార్డు తెచ్చింది. అందులో ఆయన మొహం నల్లటి మరకలా ఉంది. సాయంత్రం అయిదింటి బస్సుకి పటం పట్టుకెళ్ళాలి.

ఆ పూట శైలజ ఒక బారసాల ఫొటోలకి వెళ్ళింది. వచ్చేసరికి రెండవుతుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను వీడియో పనివాణ్ణి, మొహాలు దిద్దడం నాకు చేతకాదు. మావ అప్పటికే కౌంటర్లోంచి లేచి దానమ్మని కూర్చోబెట్టి మామూలుగా అడగడం మొదలుపెట్టాడు.

"నవ్వితే ఎలగుండేవోరమ్మా?"

"నవ్వడం తక్కువే బాబూ. నవ్వితే మాత్రం కళ్ళు మూసుకుపోయేవి. ఇక్కడ కనుబొమ్మ మీద గాటుండేది. ఎద్దు పొడిసింది."

"నువ్వే కూకో మావా" అన్నాను. వేరే దారి లేదు.

కూర్చున్నాడు. దానమ్మ వెనకాల నిలబడింది. గంటయింది. మొహం పెద్దదయింది, కళ్ళు వస్తున్నాయి, చెంప దగ్గర మరక తియ్యాలి. చూపుడువేలు మడిచి నొక్కాడు. సోములు మొహం పక్కకి జరిగిపోయింది. రద్దు చెయ్యబోయాడు, చిటికెనవేలు మూలకి పోయింది. తెర మీద బొమ్మల పెట్టె తెరుచుకుంది. పచ్చటి గుండ్రటి మొహాలు, పళ్ళు ఇకిలించేవి, కన్నీళ్ళొచ్చేలా నవ్వేవి, వరసగా సోములు మొహం మీద నిలబడ్డాయి.

దానమ్మ "ఓలమ్మో, ఇవేటి బాబూ?" అంది.

నేను పేలిపోయాను. ఆ మాటలు ఇప్పుడు రాస్తుంటే నా చెవులకే సిగ్గుగా ఉంది.

"సిగ్గునేదేటి నీకు? ఆడలేక మద్దెలోడన్నాట్ట! మూడు బటన్లు, మూడంటే మూడు! నెలన్నరయింది! బళ్ళో పిల్లలు నేర్సుకుంటన్నారు. నీకు పని సెయ్యడం ఇష్టం లేకపోతే సెప్పు, ఇంటికెళ్ళి పడుకో. నా స్టూడియోకి పనికిరావు నువ్వు!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ చివరి మాట ఆయన ఇంతకు ముందు ఒకసారి, కళ్ళంలో, తండ్రి నోటి నుంచి విన్నాడని నాకు తెలుసు. తెలిసి కూడా నోరు ఆగలేదు.

దానమ్మ చేతులు జోడించింది. "బాబూ, ఫొటో నేకపోతే నేదు గాని, మా ఆయన పేరు సెప్పి ఇంకో మనిషిని అలగనకండి" అంది.

జగన్నాధం మావ లేచాడు. "అలాగే గిరిబాబు గారూ" అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో నన్ను ఆయన గారూ అనడం అదే మొదటిసారి. అయినా నా కోపం దిగలేదు. ఆయన ఇంటికి వెళ్ళలేదు. దానమ్మకి టీ తెప్పించి, కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

రెండింటికి శైలజ వచ్చింది. జరిగింది విని మొహం మాడ్చుకుని మ్యాక్ ముందు కూర్చుంది. చకచకా చేసింది. మరకలు పోయాయి, చర్మం నున్నగా వచ్చింది. దానమ్మ చాలాసేపు చూసి, "బాగున్నాదమ్మా, గాని మా ఆయన కాదు" అంది. కనుబొమ్మ మీద గాటు కూడా మరకతోపాటు పోయింది.

శైలజ నా వైపు చూడకుండానే లేచి వెళ్ళి మావ చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, రా. నువ్వే సెయ్యాలి."

"నాను ముట్టనమ్మా. ఓనరు గారు వద్దన్నారు."

"ఓనరు సంగతి నాను సూసుకుంటాను, రా."

లాక్కొచ్చి కూర్చోబెట్టింది. పక్కనే వంగి, "ఇలగ పెట్టు. బొటనేలు కమాండ్ మీద, ఉంగరపు ఏలు జడ్ మీద..." అంటూ ఆయన ఎడమచెయ్యి తీసుకుని కీబోర్డు మీద పెట్టబోయింది. పెట్టబోయి ఆగిపోయింది. బొటనవేలు దిగలేదు. మెల్లగా నొక్కింది. ఆయన మొహం బిగపట్టాడు. వేలు మాత్రం అలాగే పైకి నిలబడి ఉంది.

శైలజ తిరిగి నా మొహంలోకి చూసింది. "అన్నా, కమాండ్ ఏ ఏలుతో నొక్కుతారు?"

నేను నా చెయ్యి చూసుకున్నాను. బొటనవేలు.

"పాత దాంట్లో కంట్రోల్ ఏ ఏలుతో?"

చిటికెనవేలు.

ఆ వేలికి పేరు పెట్టినవాణ్ణి నేను. రోజూ చూసి నవ్వినవాణ్ణి నేను. విండోస్‌లో పనంతా చిటికెనవేలిది, ఆ బొటనవేలితో అవసరమే లేదు. మ్యాక్‌లో పనంతా బొటనవేలి కిందికి వచ్చింది. మూడు బటన్లు అని అరిచానే గానీ, వాటిని నొక్కాల్సింది ఏ వేలో నెలన్నరలో ఒక్కసారి ఆలోచించలేదు. పెద్దమనిషిని, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాణ్ణి, మొగుడు పోయిన మనిషి ముందు నిలబెట్టి తిట్టాను.

"ముందే సెప్పొచ్చు కదా మావా" అన్నాను. ఆయన తెర వైపు తిరిగి కూర్చున్నాడు.

శైలజ ఫోన్లో ఏదో వెతికింది. తర్వాత అటక మీద నుంచి పాత కీబోర్డు దించి, దుమ్ము దులిపింది. మ్యాక్ వెనక పాత వైరు పట్టే చిల్లు లేదు. కెమెరా కార్డుల కోసం కొన్న హబ్బు ఉంది, దానికి తగిలించింది. తెర మీద ఏదో పెట్టె వచ్చి, ఎడమ షిఫ్టుకి కుడి పక్కనున్న బటను నొక్కమని అడిగింది. జడ్ నొక్కింది. తర్వాత సిస్టం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కీబోర్డు, అందులో షార్ట్‌కట్లు, అందులో మోడిఫయర్ కీస్ అన్నది తెరిచింది. పైన ఏ కీబోర్డు అని ఒక వరస ఉంది. పాత కీబోర్డు ఎంచుకుంది. కంట్రోల్ ఎదురుగా కమాండ్ పెట్టింది, కమాండ్ ఎదురుగా కంట్రోల్ పెట్టింది. డన్ నొక్కింది.

"ఇది ఒక్క ఈ కీబోర్డుకే అన్నా. తెల్లదానికి ఏటీ మారదు, నా పని నాదే" అంది.

మొత్తం మీద ఒక్క నిమిషం పట్టింది. అంతే.

మావ చెయ్యి పెట్టాడు. చిటికెనవేలు మూలకి వెళ్ళింది. అక్కడి కంట్రోల్ ఇప్పుడు కమాండ్. స్పేస్ బారు పక్కన పాత ఆల్ట్, మ్యాక్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, పని అదే పని. ఒక గీత గీసి మూలనున్నదీ జడ్డూ కలిపి నొక్కాడు. గీత పోయింది. మళ్ళీ గీసి మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి. తర్వాత చూపుడువేలు మడిచి, ఒక క్లిక్కు కొట్టి, చెంప మీద మరక అద్దాడు. మొహం కదల్లేదు, మరక పోయింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి నేను బయటికి వెళ్ళిపోయాను. అక్కడ నిలబడే మొహం నాకు లేదు.

నాలుగున్నరకి పటం తయారైంది. సోములు నవ్వీ నవ్వనట్టున్నాడు, కళ్ళు సగం మూసుకున్నాయి, కనుబొమ్మ మీద ఎద్దు పొడిచిన గాటు ఉంది. దానమ్మ ఆ గాటు మీద వేలు పెట్టి గట్టిగా ఏడ్చింది. పది రోజుల్నించీ ఏడవలేదట. మావ ఆమెని బస్సు దాకా దింపి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

మర్నాడు పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఊళ్ళోనే బలగ వైపు ఉన్న ఆయన అద్దెగదికి తాళం వేసి ఉంది. మూడో రోజు నేను బండి మీద వాళ్ళ పల్లెకి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను, ఊళ్ళోకి వెళ్ళేసరికి ఒక్క మాటా మిగల్లేదు. ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రండి, కూకోండి" అన్నాడు.

"నన్నలగనకు మావా. తప్పయిపోనాది. సెంపలేసుకుంటాను, కాళ్ళట్టుకుంటాను. నీ కుర్సీ నీకుంది, రా."

"కుర్సీలో శైలజని కూకోనియ్యండి. దానికి పనొచ్చింది. గాట్లు తియ్యకూడదని ఒక్కటి సెప్పాలి, సెప్తాను."

"మరి ఒక్క మాట సెప్పలేదేటి మావా నాకు? నా ఏలు వంగదురా ఎదవా అని ఒక్క మాట!"

లోపల్నుంచి ఎవరో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చి వెళ్ళారు.

"మా అయ్య ఆ మాటన్నాక, నా ఏలు పేరు సెప్పి ఎక్కడా పని తప్పించుకోకూడదని ఒట్టేసుకున్నాను. నలభై ఏళ్ళు సెప్పనేదు. సెప్పే అవసరమూ రానేదు" అన్నాడు. "ఈపాలి సెప్దునేమో. రోజూ అనుకున్నాను. మీరు అడుగుతారేమోనని సూసినాను. ఎందుకు రావట్లేదు మావా అని మెల్లిగా ఒక్కపాలి అడిగితే సెప్దును. మీరు అడిగినప్పుడల్లా అది తిట్టే. ఆ మిషను నయం. నా సెయ్యి ఇలగున్నాదని సెప్తే నిమిసంలో ఇనేసింది."

నేను ఏడ్చాను. నలభై ఏడేళ్ళ మగాణ్ణి, వాకిట్లో, మజ్జిగ గ్లాసు పట్టుకుని. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తాడని ఎదురుచూశాను.

"పోయినోళ్ళ పటాలొస్తే కబురు సెయ్యండి. వస్తాను. ఆళ్ళకి సెయ్యాలి గదా. మిగతా పనికి నాను రాను" అన్నాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. నెలకి మూడు నాలుగుసార్లు కబురు చేస్తాను. ముఖలింగం బస్సు దిగి వస్తాడు. చంకలో ఒక గుడ్డసంచి ఉంటుంది, అందులో ఆ పాత కీబోర్డు. ఆ మొదటి రోజునే అడిగి పట్టుకెళ్ళాడు. ఎవరైనా మ్యాక్ ముందున్నా ఆయనకి ఇబ్బంది లేదు, వాళ్ళు లేచాక హబ్బుకి తగిలిస్తాడు. మళ్ళీ ఏ సెట్టింగూ చెయ్యక్కర్లేదు, మిషనుకి ఆ కీబోర్డు గుర్తే. ఇంటివాళ్ళని అరగంట అడుగుతాడు. పటం పూర్తి చేస్తాడు. శైలజని పిలిచి ఏం చేశాడో చూపిస్తాడు, ఆమెతో నవ్వుతూ మాట్లాడతాడు. తర్వాత వైరు చుట్టి, కీబోర్డు సంచిలో పెట్టుకుని లేస్తాడు.

"ఇక్కడే ఉంచు మావా, మొయ్యడం దేనికి, సొరుగులో పెట్టి తాళం ఏస్తాను, ఎవరూ ముట్టరు" అంటాను ప్రతిసారీ.

"వద్దు లెండి" అంటాడు.